సింక్ చుట్టూ నల్లబడి ఊడిపోతున్న సిలికాన్‌ను తీసి కొత్తది శుభ్రంగా వేసుకోవడం

"పాత సిలికాన్ మీదే ఇంకో పొర వేసేస్తే సరిపోదా?" అని చాలామంది అడుగుతున్నారు. సరిపోదు. ఆరిపోయిన సిలికాన్‌కి కొత్త సిలికాన్ అంటుకోదు. పైకి అంటుకున్నట్టే కనిపిస్తుంది, రెండు నెలల్లో అంచు దగ్గర లేస్తుంది, ఆ సందులోకి అంట్ల నీళ్ళు దిగుతాయి, మళ్ళీ నలుపు మొదలవుతుంది. కాబట్టి ఈ పనిలో ముప్పాతిక వంతు శ్రమ పాతదాన్ని పూర్తిగా తీసి, చోటును ఎండబెట్టడంలోనే ఉంటుంది. కొత్తది వేయడానికి అరగంట చాలు.

మల్కాజిగిరిలో మా అక్క వాళ్ళ ఫ్లాట్లో పోయిన నెల చేసిన పనినే ఇక్కడ ఉదాహరణగా తీసుకుంటున్నాను. నల్ల గ్రానైట్ గట్టు, దానిలో 24 అంగుళాల పొడవు, 18 అంగుళాల వెడల్పు ఉన్న స్టీల్ సింక్, వెనక గోడకి తెల్ల టైల్స్. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఎక్కువగా కనిపించే వంటిల్లే. బాత్‌టబ్‌కి మారే సంగతులు చివర్లో విడిగా రాశాను.

## 1. ముందు సింక్ ఎలా కూర్చుందో చూడండి

బ్లేడు పట్టుకునే ముందు ఒక్కటి తేల్చుకోవాలి. సింక్ అంచు గ్రానైట్ పైన కూర్చుందా, లేక గ్రానైట్ కింద నుంచి బిగించారా?

అంచు పైన కనిపిస్తుంటే భయం లేదు. సింక్ బరువును గ్రానైటే మోస్తుంది, సిలికాన్ కేవలం నీళ్ళు ఆపుతుంది. అక్క వాళ్ళది ఇలాంటిదే.

గ్రానైట్ అంచు కిందకి సింక్ దూరి ఉంటే జాగ్రత్త. కింద క్లిప్పులు గానీ రాతి దిమ్మెలు గానీ ఆనింపు లేకుండా, ఒక్క సిలికాన్‌తోనే అతికించి వదిలేసిన సింకులు కొన్ని ఉంటాయి. అలాంటిదాని చుట్టూ కోసుకుంటూ పోతే సింక్ కిందకి జారుతుంది, పైపు విరుగుతుంది. టార్చ్ పట్టుకుని కింద అల్మరాలోకి చూడండి. ఆనింపు కనిపించకపోతే కింద ఒక గట్టి డబ్బా, దాని మీద చెక్క ముక్కలు పేర్చి సింక్ అడుగుకు ఆనేలా పెట్టాకే పని మొదలుపెట్టండి.

ఇప్పుడు అంచు మీద నాలుగు మూలలా చేత్తో నొక్కండి. ఎక్కడైనా కిందకి పైకి కదిలితే, అంచు అడుగున వేసిన సిలికాన్ కూడా పోయిందని అర్థం. పైన ఎంత అందంగా వేసినా ఆ కదలికకి చిరిగిపోతుంది. అలాంటప్పుడు ప్లంబర్‌ను పిలిచి సింక్‌ను ఎత్తించి, అడుగున సిలికాన్ వేయించి కూర్చోబెట్టించడమే సరైన పని.

చివరగా, నీళ్ళు అసలు ఎక్కడ నుంచి వస్తున్నాయో చూడండి. సింక్ వెనక, ట్యాప్‌కీ గోడకీ మధ్యనున్న ఆ నాలుగు వేళ్ళ చోటే అందరిళ్ళలో ముందుగా నల్లబడుతుంది, ఎందుకంటే తడి చెయ్యి అక్కడ తగులుతూనే ఉంటుంది, తుడిచే గుడ్డ మాత్రం అక్కడికి చేరదు. అక్క వాళ్ళింట్లో ఇంకో కారణం కూడా ఉంది. ట్యాప్ మొదలు దగ్గర నీళ్ళు చిన్నగా ఊరుతున్నాయి. టిష్యూ ముక్క చుట్టి పావుగంట వదిలేస్తే తడిసిపోయింది. ముందు ఆ వాషర్ మార్పించాకే మిగతా పని పెట్టుకున్నాం. ట్యాప్ కారుతుండగా సిలికాన్ వేస్తే అది వృథా.

## 2. ఏ ట్యూబ్ కొనాలి

షాపులో "సిలికాన్ ఇవ్వండి" అంటే చేతికి దొరికిన మామూలు రకం ఇచ్చేస్తారు. రాణీగంజ్‌లోనో ట్రూప్ బజార్‌లోనో పెద్ద షాపుకి వెళ్ళినా, మీ వీధి చివర హార్డ్‌వేర్ షాపులో కొన్నా, ట్యూబ్ మీద మూడు విషయాలు చదివి తీసుకోండి.

మొదటిది రకం. సిలికాన్‌లో అసిటిక్, న్యూట్రల్ అని రెండు రకాలు. అసిటిక్ రకం ఆరేటప్పుడు వెనిగర్ వాసన వస్తుంది, ఎందుకంటే దాన్నుంచి నిజంగానే అసిటిక్ యాసిడ్ బయటకు వస్తుంది. అది గాజుకీ గ్లేజ్ టైల్‌కీ బాగానే పట్టుకుంటుంది గానీ మార్బుల్‌ను తినేస్తుంది, రాతి మీద మరక పెట్టొచ్చు, ఇత్తడి, రాగి లాంటి లోహాలకి చిలుం పట్టిస్తుంది. గట్టు గ్రానైట్‌దైనా మార్బుల్‌దైనా న్యూట్రల్ రకమే తీసుకోండి. దానికి ఆ ఘాటు వాసన ఉండదు.

రెండోది, "శానిటరీ" అనో "యాంటీ ఫంగల్" అనో రాసి ఉండాలి. అందులో బూజును అడ్డుకునే మందు కలిపి ఉంటుంది. ఆ మందు ఎప్పటికీ పనిచేయదు, కొన్నేళ్ళలో నీళ్ళతో కొట్టుకుపోతుంది, అయినా మామూలు రకం కంటే చాలా ఎక్కువ కాలం శుభ్రంగా ఉంటుంది.

మూడోది గడువు తేదీ. దీన్ని చాలామంది చూడరు. గడువు దాటిన సిలికాన్ బయటకి బాగానే వస్తుంది గానీ రోజులు గడిచినా జిగటగానే ఉండిపోతుంది, అప్పుడు దాన్ని గోకి తీయడం పాతదాన్ని తీయడం కంటే నరకం. ఇంటికి తెచ్చాక ఒక అట్ట ముక్క మీద వేలెడు పొడవున వేసి ఒక రాత్రి వదిలేయండి. పొద్దుటికి పైన రబ్బరులా గట్టిపడితేనే సింక్ దగ్గరకి తీసుకెళ్ళండి.

ఎంత కావాలి? అక్క వాళ్ళ సింక్ చుట్టుకొలత 84 అంగుళాలు, అంటే సుమారు 213 సెం.మీ. వెనక గోడ వెంట గట్టు పొడవు 8 అడుగులు, అంటే 244 సెం.మీ. మూలలో అటు 6 మి.మీ., ఇటు 6 మి.మీ. ఉండే తిన్నె వేస్తే దాని అడ్డకోత 18 చదరపు మి.మీ. లెక్క కడితే సింక్‌కి 38 మి.లీ., గోడ సందుకి 44 మి.లీ. సందు లోపలికి దిగేది, గుడ్డతో తుడిచేసేది కలుపుకొని రెట్టింపు వేసుకున్నా 280 మి.లీ. ట్యూబ్ ఒక్కటే సరిపోయి ఇంకా మిగులుతుంది. రెండు కొనకండి, తెరిచిన ట్యూబ్ ఎలాగూ నిలవ ఉండదు.

రంగు మాటకొస్తే, నల్ల గ్రానైట్‌కీ తెల్ల టైల్‌కీ మధ్య తెలుపు వేస్తే ప్రతి మరకా కనిపిస్తుంది. మేం గోడ సందుకీ సింక్‌కీ బూడిద రంగే వేశాం. పారదర్శక రకం వద్దనే నా సలహా, దాని అడుగున చేరే మట్టి పైకి కనిపిస్తుంది.

## 3. ముందే పక్కన పెట్టుకోవాల్సినవి

- న్యూట్రల్ శానిటరీ సిలికాన్ ట్యూబ్, సిలికాన్ గన్
- కటర్ బ్లేడు, రెండు కొత్త బ్లేడులు అదనంగా
- ప్లాస్టిక్ స్క్రేపర్, లేదా అంచు తిన్నగా ఉన్న పాత ఏటీఎం కార్డు
- మాస్కింగ్ టేపు, ఒక అంగుళం వెడల్పుది
- మినరల్ టర్పెంటైన్ కొంచెం (రంగులు అమ్మే షాపులో ఉంటుంది)
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చిన్న సీసా
- బ్లీచ్, పాత టూత్‌బ్రష్, రబ్బరు గ్లోవ్స్
- టిష్యూ రోల్ ఒకటి పూర్తిగా, చెత్త సంచి
- హెయిర్ డ్రయ్యర్

సమయం కూడా ముందే ఏర్పాటు చేసుకోవాలి. సింక్ మొత్తం మూడు రోజులు వాడుకలో ఉండదు. మేం శుక్రవారం రాత్రి పాతది తీసేసి, శనివారం అంతా ఎండబెట్టి, శనివారం రాత్రి కొత్తది వేశాం. అంట్లు బయట యుటిలిటీలో తోమించమని అక్క పనావిడకి ముందురోజే చెప్పి ఉంచింది. ఇది చెప్పకపోతే ఎవరో ఒకరు అలవాటుగా ట్యాప్ తిప్పేస్తారు. ట్యాప్ మీద కాగితం చుట్టి టేపు వేసేయండి.

## 4. పాత సిలికాన్ తీయడం

సింక్ ఖాళీ చేసి, డ్రెయిన్ రంధ్రానికి గుడ్డ పెట్టండి, లేకపోతే రబ్బరు ముక్కలన్నీ పైపులోకి పోతాయి.

సిలికాన్ తిన్నెకి రెండు అంచులు ఉంటాయి, ఒకటి గోడని పట్టుకునేది, ఒకటి గట్టుని పట్టుకునేది. కటర్ బ్లేడును టైల్‌కి దాదాపు ఆనించి, పడుకోబెట్టి పై అంచు వెంట ఒకే పొడవైన గీత లాగండి. తర్వాత గట్టుకి ఆనించి కింది అంచు వెంట ఇంకో గీత. మధ్యలో గుచ్చడం వల్ల ప్రయోజనం లేదు. రెండు వైపులా పట్టు తెగాక ఒక చివర వేలితో లేపి, నెమ్మదిగా, గట్టుకి దగ్గరగా వంచి లాగితే తాడులా వస్తుంది. తెగిన చోట మళ్ళీ గీత పెట్టి అక్కణ్ణుంచి మొదలుపెట్టండి.

గ్రానైట్ మీద, గ్లేజ్ టైల్ మీద బ్లేడు పడుకోబెట్టి నడపొచ్చు. స్టీల్ సింక్ అంచు మీద మాత్రం వద్దు, గీత పడితే పోదు. అక్కడ ప్లాస్టిక్ స్క్రేపరే.

అక్క వాళ్ళ గోడ సందులో సిలికాన్ అడుగున తెల్ల సిమెంట్ బయటపడింది. కట్టినప్పుడు మేస్త్రి తెల్ల సిమెంట్‌తో నింపి, అది పగిలాక ఎవరో పైన సిలికాన్ పూసినట్టున్నారు. "అది ఉంటే ఏమైందిరా, పైన వేసేయ్" అంది అక్క. వదులుగా ఉన్నంత మేర తీయాల్సిందే అన్నాను. గట్టు, గోడ వేడికీ బరువుకీ కాస్త కదులుతూ ఉంటాయి. సిమెంట్ ఆ కదలికకి పగిలి పొడి అవుతుంది, సిలికాన్ ఆ పొడిని పట్టుకుని ఊగుతుంది. పాత స్క్రూడ్రైవర్ కొసతో గీకి, బ్రష్‌తో పొడి అంతా ఊడ్చేశాం. గట్టిగా ఉన్న చోట వదిలేశాం.

## 5. కంటికి కనిపించని పొర

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. పాతది మొత్తం వచ్చేసినట్టే కనిపిస్తుంది గానీ పల్చటి జిడ్డు లాంటి పొర ఒకటి మిగులుతుంది. కొత్త సిలికాన్ ఊడిపోవడానికి మొదటి కారణం ఇదే.

కనిపెట్టడం తేలిక. చోటును పొడిగా తుడిచి వేలు ఆనించి మెల్లగా లాగండి. శుభ్రమైన రాయి మీద వేలు జారుతుంది. సిలికాన్ మిగిలిన చోట రబ్బరు మీద లాగినట్టు ఆగి ఆగి పోతుంది. తర్వాత వేలితో కాస్త నీళ్ళు పూయండి. సిలికాన్ ఉన్న చోట నీళ్ళు తామరాకు మీద బొట్టులా గుండ్రంగా ముద్దవుతాయి, లేనిచోట పరుచుకుంటాయి. పాలిష్ చేసిన గ్రానైట్ మీద నీళ్ళు కొంచెం ముద్దవ్వడం మామూలే కాబట్టి, సింక్‌కి దూరంగా ఉన్న గట్టుతో పోల్చి చూసుకోండి.

మిగిలిన పొరకి మినరల్ టర్పెంటైన్‌లో తడిపిన టిష్యూను సందు వెంట పరిచి పదిహేను నిమిషాలు వదలండి. సిలికాన్‌ను అది కరిగించదు, ఉబ్బించి మెత్తబరుస్తుంది. తర్వాత ప్లాస్టిక్ కార్డుతో తోస్తే చిన్న చిన్న ఉండలుగా చుట్టుకుని వస్తుంది. రెండు మూడు సార్లు పట్టొచ్చు. టర్పెంటైన్ మండుతుంది కాబట్టి స్టవ్ ఆపి, సిలిండర్ రెగ్యులేటర్ కట్టేసి, దీపం, అగరుబత్తి లేకుండా చూసుకుని, కిటికీ తెరిచి చేయండి. తడిసిన టిష్యూలు చెత్త సంచిలో కుక్కకుండా బాల్కనీలో విప్పి ఆరనివ్వండి.

## 6. నలుపు, తెల్ల ఉప్పు పొర

నల్ల మచ్చలు సిలికాన్‌లో ఉంటే వాటిని తోమినా పోవు, ఎందుకంటే బూజు రబ్బరు లోపలికి పాకి ఉంటుంది. ఇప్పుడు ఆ రబ్బరే పోయింది కాబట్టి మిగిలింది టైల్ సందులో, రాతి అంచులో ఉన్న బూజు మాత్రమే. దాన్ని చంపకుండా కొత్తది వేస్తే అడుగు నుంచి మళ్ళీ పైకి వస్తుంది.

బోరు నీళ్ళు వాడే ఇళ్ళలో దానికి తోడు తెల్లటి గట్టి ఉప్పు పొర కూడా ఉంటుంది. సిలికాన్ ఈ పొరను పట్టుకుంటే ఇది రాయి నుంచి ఊడినప్పుడు దాంతో పాటే ఊడుతుంది. ముందు దీన్ని బ్లేడుతో పడుకోబెట్టి గీకేయండి. ఇంకా మిగిలితే నిమ్మ ఉప్పు నీళ్ళలో కలిపి టైల్ మీద రాసి, కాసేపాగి తోమి, బాగా కడగండి. గట్టు మార్బుల్ అయితే నిమ్మ ఉప్పు, వెనిగర్, బాత్రూమ్ యాసిడ్ ఏదీ తగలకూడదు, రాయి మెరుపు పోతుంది.

ఆ తర్వాతే బ్లీచ్. ఒక వంతు బ్లీచ్‌కి పది వంతుల నీళ్ళు కలిపి, టూత్‌బ్రష్‌తో సందులోకి రాసి పది నిమిషాలు ఉంచండి. అంతకంటే ఎక్కువ వద్దు, స్టీల్ మీద ఎక్కువసేపు ఉంటే చిన్న గుంటలు పడతాయి. తర్వాత రెండు మూడు సార్లు నీళ్ళతో తుడిచేయండి.

బ్లీచ్‌ను నిమ్మ ఉప్పుతో గానీ, వెనిగర్‌తో గానీ, టాయిలెట్ క్లీనర్‌తో గానీ ఎట్టి పరిస్థితుల్లో కలపకండి. క్లోరిన్ వాయువు వస్తుంది, వంటగది లాంటి చిన్న గదిలో ఊపిరితిత్తులకి ప్రమాదం. ఒకటి వాడాక పూర్తిగా కడిగి, కిటికీ తెరిచి, గంట గడిచాకే రెండోది తీయండి.

## 7. ఆరబెట్టడం

పైన పొడిగా ఉన్నా సందు లోపల నీళ్ళు ఉంటాయి. అక్క వాళ్ళింట్లో శనివారం పొద్దున టిష్యూను మడిచి కార్డు అంచుతో సందులోకి తోస్తే తడిగానే వచ్చింది, పైన అంతా కరకరలాడేంత పొడిగా ఉన్నా సరే. ఫ్యాన్ అటు తిప్పి, మధ్య మధ్యలో హెయిర్ డ్రయ్యర్‌ను దూరం నుంచి ఐదేసి నిమిషాలు పెట్టాం. సాయంత్రానికి టిష్యూ పొడిగా వచ్చింది.

ఎండాకాలంలో ఒక పగలు సరిపోతుంది. జూలై, ఆగస్టు వానల్లో అయితే ఇంకో రోజు అదనంగా పెట్టుకోండి. టిష్యూ పొడిగా వచ్చేదాకా ముందుకెళ్ళకండి.

సిలికాన్ వేసే పది నిమిషాల ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన టిష్యూతో రెండు వైపులా ఒకసారి తుడవండి. టర్పెంటైన్ వదిలిన జిడ్డు, వంటనూనె ఆవిరి, చేతి జిడ్డు పోతాయి. ఆ తర్వాత చేత్తో ముట్టుకోవద్దు.

సందు 6 మి.మీ. కంటే వెడల్పుగా, లోతుగా ఉంటే మొత్తం సిలికాన్‌తో నింపకండి. గుండ్రటి ఫోమ్ తాడు దొరుకుతుంది, సందు కంటే కాస్త లావుది తీసుకుని లోపలికి నొక్కి, పైన సిలికాన్‌కి చోటు వదలండి. దీనివల్ల ట్యూబ్ ఆదా అవుతుంది, అంతకంటే ముఖ్యంగా సిలికాన్ అడుగున అంటుకోకుండా రెండు పక్కలనే పట్టుకుంటుంది. మూడు వైపులా అంటుకుంటే సాగడానికి వీలుండదు, మధ్యలో చిరుగుతుంది.

## 8. టేపు వేయడం

చెయ్యి తిరిగినవాళ్ళు టేపు లేకుండా వేస్తారు. మొదటిసారి చేసేవాళ్ళకి టేపు వేస్తేనే అంచు తిన్నగా వస్తుంది.

గోడ సందుకైతే మూల నుంచి 6 మి.మీ. పైన టైల్ మీద ఒక పట్టీ, 6 మి.మీ. ముందుకి గట్టు మీద ఇంకో పట్టీ. సింక్ అంచుకైతే అంచుకి ఇటు స్టీల్ మీద 3 మి.మీ., అటు గ్రానైట్ మీద 3 మి.మీ. వదిలి వేయండి. సిలికాన్ వైపున్న టేపు అంచును గోరుతో గట్టిగా నొక్కండి, లేకపోతే సిలికాన్ అడుగుకి దూరి అంచు పళ్ళు పళ్ళుగా వస్తుంది. సింక్ మూలల దగ్గర వంపు ఉంటుంది కాబట్టి టేపును చిన్న ముక్కలుగా చింపి ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ తిప్పండి.

## 9. సిలికాన్ వేయడం

నాజిల్‌ను 45 డిగ్రీల ఏటవాలుగా కోయండి. రంధ్రం 4 నుంచి 5 మి.మీ. మించొద్దు. ముందు చిన్నగా కోసి చూసుకోండి, పెద్దది చేయడం ఎప్పుడైనా కుదురుతుంది, చిన్నది చేయలేం. ట్యూబ్ మూతిని కూడా కోయాలి, అది మరిచిపోయి గన్ ఎంత నొక్కినా రాక ట్యూబ్ వెనక నుంచి పగిలిన సందర్భాలున్నాయి.

ముందు అట్ట ముక్క మీద ఒక జానెడు లాగి చూడండి. ధార సమంగా వచ్చేదాకా సింక్ దగ్గరకి రావొద్దు. గన్ వెనక ఉండే రేకు మీట నొక్కితే ఒత్తిడి వదులుతుంది, ఆపిన ప్రతిసారీ అది నొక్కాలి, లేకపోతే సిలికాన్ కారుతూనే ఉంటుంది.

గోడ సందు ముందు, సింక్ తర్వాత. మూలలో మొదలుపెట్టి, నాజిల్ కొసను సందులోకి ఆనించి, ఒకే వేగంతో లాగండి. చెయ్యి వేగంగా పోతే ధార సాగి సన్నబడి మధ్యలో ఖాళీలు వస్తాయి, నెమ్మదిగా పోతే గుట్టలు పడతాయి. సిలికాన్ టేపు రెండు పట్టీల మీదకీ కొంచెం ఎక్కేలా ఉండాలి, అప్పుడే రెండు వైపులకీ పూర్తిగా అంటినట్టు.

మొత్తం ఒకేసారి వేసేయకండి. ఇది ముఖ్యం. సిలికాన్ పైన పది, పదిహేను నిమిషాల్లో పల్చటి చర్మం కడుతుంది, ఎండాకాలం వేడి వంటగదిలో ఇంకా త్వరగా. ఆ తర్వాత నున్న చేస్తే చిరుగుతుంది. అందుకే మేం గోడ సందును రెండు భాగాలుగా, సింక్‌ను రెండు భాగాలుగా చేశాం. ఒక భాగం వేయడం, లాగడం, టేపు తీయడం, అప్పుడు రెండో భాగం. తడిగా ఉన్న చివరకే తర్వాతిది కలపాలి.

## 10. నున్నగా లాగి, టేపు తీయడం

గ్లోవ్ వేసుకున్న వేలిని గిన్నెలోని సబ్బు నీళ్ళలో ముంచి, బొట్లు కారకుండా విదిలించి, ఒకే ఒత్తిడితో ఒక చివర నుంచి ఇంకో చివరకి లాగండి. సబ్బు నీళ్ళు వేలికే ఉండాలి. సిలికాన్ పడబోయే చోట ఒక్క చుక్క పడినా అక్కడ అంటుకోదు.

ఒక్కసారి, మహా అయితే రెండుసార్లు. మళ్ళీ మళ్ళీ రాస్తే గీతలు పడతాయి. వేలి మీద పోగైన సిలికాన్‌ను ఎప్పటికప్పుడు పొడి టిష్యూకి తుడవండి.

సింక్ అంచు వెంట తిన్నె ఉబ్బుగా కాకుండా, సింక్ వైపుకి వాలుగా ఉండాలి. ఉబ్బుగా ఉంటే దాని వెనక చిన్న చెరువులా నీళ్ళు నిలుస్తాయి, ఫంగస్ మొదలయ్యేది అక్కడే.

లాగిన వెంటనే, చర్మం కట్టకముందే టేపు తీయండి. సిలికాన్‌కి దూరంగా, 45 డిగ్రీల వాలులో, నెమ్మదిగా. తీసిన టేపును అలాగే చెత్త సంచిలోకి. అంచు ఎక్కడైనా చిన్నగా లేచి ఉంటే తడి వేలితో తేలిగ్గా ఒక్కసారి తడమండి, అంతే.

## 11. నీళ్ళు తగలకుండా

సిలికాన్ గాలిలోని తేమను తీసుకుని పై నుంచి లోపలికి గట్టిపడుతుంది, రోజుకి సుమారు 2 నుంచి 3 మి.మీ. లోతు వరకు. అందుకే 6 మి.మీ. తిన్నెకి పైన పావుగంటలో చర్మం కట్టినా లోపల రెండు రోజులు మెత్తగానే ఉంటుంది. 24 గంటలు చుక్క నీరు తగలనివ్వొద్దు. 48 గంటల తర్వాత మామూలుగా వాడుకోవచ్చు. మే నెల పొడి గాలిలో తేమ తక్కువ కాబట్టి లోపల ఆరడం ఇంకా నెమ్మదిస్తుంది, హెయిర్ డ్రయ్యర్ పెట్టి తొందరపెట్టకండి.

వేయబోయే ముందు ఒకసారి చూసుకోవడానికి:

- ట్యాప్ మొదలు దగ్గర కారడం లేదు
- అంచు నొక్కితే కదలడం లేదు
- వేలు లాగితే ఎక్కడా రబ్బరులా ఆగడం లేదు
- సందులోకి తోసిన టిష్యూ పొడిగా వచ్చింది
- ఆల్కహాల్‌తో తుడిచాక ఎవరూ ముట్టుకోలేదు
- అట్ట మీద వేసిన నమూనా గట్టిపడింది
- రెండు రోజులు అంట్లకి వేరే చోటు ఉంది

## 12. తేడా వస్తే

రెండు రోజులైనా జిగటగా ఉంది. గడువు దాటిన ట్యూబ్ అయ్యుంటుంది. ఇంకో రెండు రోజులు చూడండి, మారకపోతే ప్లాస్టిక్ కార్డుతో మొత్తం తోడేసి టర్పెంటైన్‌తో తుడిచి మళ్ళీ మొదలు. పైన పొడి చల్లడం లాంటివి పనిచేయవు.

ఒకచోట చిన్న రంధ్రం కనిపిస్తోంది. చర్మం కట్టకముందైతే సూదంత నింపి తడమండి. ఆరిపోయాక అయితే దాని మీద చుక్క పెడితే నిలవదు. అటు రెండు అంగుళాలు, ఇటు రెండు అంగుళాలు కోసి తీసేసి, ఆ ముక్క మేర తుడిచి కొత్తగా వేయండి.

ఒక అంచు మాత్రమే లేస్తోంది. లేచిన చోట వెనక చూడండి. సిలికాన్ వెనక తెల్లటి పొడి అంటుకుని ఉంటే ఉప్పు పొర మిగిలింది, మెరుపుగా నున్నగా ఉంటే పాత సిలికాన్ పొర మిగిలింది, నీటి చెమ్మ ఉంటే ఆరకముందే వేశారు. ఏది కారణమో తెలిసాకే మళ్ళీ వేయండి.

గ్రానైట్ మీద సిలికాన్ పడింది. తడిగా ఉన్నప్పుడు తడిగుడ్డతో రుద్దితే పరుచుకుంటుంది. పొడి టిష్యూతో పైకి ఎత్తినట్టు తీయండి. మిగిలింది పూర్తిగా ఆరనిచ్చి, మర్నాడు బ్లేడుతో పడుకోబెట్టి లేపితే పొరలా వస్తుంది.

## 13. బాత్‌టబ్ అయితే మారేవి

చాలా టబ్బులు యాక్రిలిక్‌వి. వాటి మీద లోహపు బ్లేడు వద్దు, థిన్నర్ అసలే వద్దు, మెరుపు కరిగిపోతుంది. ప్లాస్టిక్ స్క్రేపర్, ఓపిక, ఆఖర్న ఆల్కహాల్‌తో తుడుపు. ఆల్కహాల్‌ను కూడా ముందు కనిపించని మూలలో కొంచెం రాసి చూడండి.

ఇంకొకటి మరీ ముఖ్యం. టబ్ నిండితే ఆ బరువుకి కొంచెం కిందకి దిగుతుంది, గోడకీ టబ్‌కీ మధ్య సందు తెరుచుకుంటుంది. ఖాళీ టబ్‌కి సిలికాన్ వేస్తే మొదటిసారి నింపినప్పుడే అది లాగబడి చిరుగుతుంది. అందుకే సందు పూర్తిగా ఆరాక, టేపు వేయడానికి ముందు, అంచు తడవకుండా టబ్‌ను నీళ్ళతో నింపండి. బకెట్‌తో పోస్తే అంచు మీద చిందుతుంది, ట్యాప్‌కి పైపు తగిలించి అడుగు నుంచి నింపడం మేలు. ఆ నీళ్ళు అలాగే ఉండగా సిలికాన్ వేసి, 24 గంటల తర్వాతే ఖాళీ చేయండి. అప్పుడు సందు దగ్గరకు వచ్చినప్పుడు సిలికాన్ నొక్కుకుంటుందే తప్ప సాగదు.

చిన్నపిల్లలున్న ఇంట్లో ఆ ఒక్క రోజూ బాత్రూమ్ తలుపుకి బయట గడియ వేసి ఉంచండి.